అన్నదమ్ములం కలిసి కొనే కారు: ఒప్పందంలో ఏం రాసుకోవాలి?

నేను హనుమకొండలో అమ్మానాన్నలతో ఉంటాను. అన్నయ్య హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. ఇద్దరం కలిసి 9,60,000 రూపాయల కారు కొనాలనుకుంటున్నాము. నేను 4,00,000 చేతి డబ్బు పెడతాను, మిగిలిన 5,60,000 అన్నయ్య తన పేరున అప్పు తీసుకుంటాడు కాబట్టి ఆర్‌సీ, బీమా కూడా ఆయన పేరునే ఉంటాయి. తొమ్మిది శాతం వడ్డీకి ఐదేళ్లు నెలకు సుమారు 11,625 చొప్పున కడితే వడ్డీయే 1,37,000 దాటుతుంది. ఆ వడ్డీని అన్నయ్య వాటాగా లెక్కించాలా, లేక ఇద్దరం పంచుకోవాలా?

వారమంతా కారు నా దగ్గరే ఉంటుంది, నాన్నగారిని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రెండో, నాలుగో శనివారాల్లో అన్నయ్య తీసుకెళతాడు. పెట్రోలు ఎవరు వాడింది వారిదే. అయితే సర్వీసింగు, టైర్ల ఖర్చును కిలోమీటర్ల లెక్కన పంచుకోవాలని, కారు చేతులు మారినప్పుడల్లా మీటరు ఫొటో తీసుకోవాలని అనుకున్నాము. (వదినకు ఇది మరీ చాదస్తంగా తోచింది.)

నా అసలు సందేహం ఆర్‌సీ గురించే. రేపు కారు అమ్మినా, ప్రమాదంలో పూర్తిగా దెబ్బతిని బీమా సొమ్ము వచ్చినా, అది ముందు బ్యాంకు బాకీకి, తర్వాత అన్నయ్యకే చేరుతుంది. నా వాటాను స్టాంపు కాగితంపై రాసుకుంటే, అన్నయ్యకు జరగరానిది జరిగిన పక్షంలో ఆయన వారసుల వద్ద అది చెల్లుతుందా? ఇలా కొన్నవారు ఆ కాగితంలో ఏయే షరతులు రాసుకున్నారో దయచేసి తెలియజేయగలరు.