రిపోర్టులో ‘ఏజ్ ఇండిటర్మినేట్’ అని ఉంది, తెలుగులో ఏమనాలి?

గుణుపురం కుర్రాడు:
గుంపులో పెద్దలందరికీ నమస్కారం. మా పెద్దమ్మకి డెబ్భై దాటాయి. బియ్యం డబ్బా పక్కకి జరపబోయి ‘నడుము పట్టేసింది’ అని మంచమెక్కింది. బామ్ రాశాం, వేడి కాపడం పెట్టాం, తగ్గలేదు. రాయగడ తీసుకెళ్తే పక్క నుంచి ఎక్స్‌రే తీశారు. వీపు అడుగున డి11, నడుము మొదట్లో ఎల్1 అనే రెండు పూసలు కుంగాయట. కంప్రెషన్ ఫ్రాక్చర్స్, ఏజ్ ఇండిటర్మినేట్, ఎంఆర్ఐ చేయించండి అని రిపోర్టు ఇచ్చారు. పెద్దమ్మకి తెలుగు, ఒరియా తప్ప రావు. ‘వయసు తెలియని విరుపు’ అని చెప్పాను. “నా వయసు ఆధార్‌లో ఉంది గదరా” అంది. సరైన మాట ఏదో చెప్పండి.

జయపురం రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్:
బాబూ, అది ఎముక వయసు గురించి అయ్యుంటుంది. కోర్టు కేసుల్లో పిల్లల మణికట్టు ఎక్స్‌రే తీసి వయసు చెబుతారు కదా. మీ పెద్దమ్మ ఎముకలు అరిగిపోయి ఉంటాయి, అందుకే వయసు కట్టలేకపోయారు. ‘నిర్ధారణ కాని అస్థివయస్సు’ అంటే సరిపోతుంది.

రాయగడ మందుల షాపు:
కాదు మాస్టారూ. విరిగి ఎన్నాళ్ళయింది అని దాని అర్థం. దీనికి ఎంఆర్ఐ ఎందుకండీ, డబ్బులు దండగ. ఎక్స్‌రేలోనే తెలిసిపోతుంది. పూస అంచు నున్నగా ఉండి పక్కన ముక్కుల్లా ఎముక పెరిగి ఉంటే పాతది. అంచు చిట్లినట్టు ఉంటే కొత్తది. ఒకవేళ ఎంఆర్ఐ తీసినా లెక్క సులువే, తెల్లగా ఉంటే కొత్తది, నల్లగా ఉంటే పాతది. పాతికేళ్ళుగా రిపోర్టులు చూస్తున్నాను.

బరంపురం రేడియాలజిస్ట్ (ఊరు పర్లాకిమిడి):
షాపు వారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. నున్నటి అంచు, చిట్లిన అంచు రెండూ మేమూ చూస్తాం. ఇబ్బంది ఎక్కడంటే, బోలు ఎముకల మనిషిలో ఆ గుర్తులు అంత స్పష్టంగా ఉండవు. ఎముకే పలచబడి ఫిల్ములో బూడిదలా కనిపిస్తుంటే అంచు చిట్లిందో లేదో ఎవరు చెప్పగలరు? పూస పై పలక కింద తెల్లటి గీత ఒకటి కనిపిస్తే ఎముక లోపలికి నొక్కుకుపోయిందనో, అతుకు పడుతోందనో అనుకుంటాం. అది కూడా అన్ని ఫిల్ముల్లో దొరకదు.

పూస ఎంత కుంగిందో మాత్రం ఎక్స్‌రేలో కొలవొచ్చు. ఎత్తులో 20 నుంచి 25 శాతం తగ్గితే మొదటి మెట్టు, 40 వరకు రెండోది, 40 దాటితే మూడోది. ఇది ఎంత కుంగిందనే కొలత, ఎప్పుడు కుంగిందో చెప్పదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. బాగా కుంగింది కాబట్టి కొత్తది, కొంచెమే కుంగింది కాబట్టి పాతది అనుకుంటారు. నిన్న విరిగిన పూస ఫిల్ములో దాదాపు మామూలుగా కనిపించి, తర్వాతి వారాల్లో ఇంకా కుంగవచ్చు. సగానికి సగం అణిగిపోయిన పూస ఎన్నో ఏళ్ళ కిందటిది కావచ్చు.

అందుకే ముందు అడగాల్సింది పాత ఫిల్ము. నడుముదే కానక్కర్లేదు. దగ్గుకో ఆయాసానికో ఎప్పుడైనా పక్క నుంచి తీసిన ఛాతీ ఎక్స్‌రే, కడుపు నొప్పికి చేసిన సీటీ, ఏదైనా సరే. ఇంట్లో బీరువా మీద వెతుకు బాబూ.

పోస్ట్‌మాస్టర్ గారూ, మీరు చెప్పిన మణికట్టు పరీక్ష నిజమే, కానీ అది వేరే విషయం. ఇక్కడ ఏజ్ అంటే విరుపు వయసే.

బిస్సంకటక్ టీచరమ్మ:
డాక్టర్ గారూ, తెలుపు నలుపు సంగతి కాస్త విప్పి చెప్పండి. మా అత్తగారి ఎంఆర్ఐలో ఒకే పూస ఒక బొమ్మలో తెల్లగా, ఇంకో బొమ్మలో నల్లగా ఉంది. మాకు పిచ్చెక్కింది.

బరంపురం రేడియాలజిస్ట్:
అలాగే ఉండాలి టీచర్ గారూ. పెద్దవాళ్ళ పూసల్లో మూలుగ చాలావరకు కొవ్వే. టీ1 అనే బొమ్మలో కొవ్వు తెల్లగా, నీరు నల్లగా కనిపిస్తాయి. పూస కొత్తగా నలిగితే లోపల నెత్తురు, వాపు నీరు చేరి ఆ మేరకు టీ1లో నల్లబడుతుంది. స్టిర్ అని ఇంకో బొమ్మ ఉంటుంది. అందులో కొవ్వు వెలుగును అణిచేస్తారు కాబట్టి నీరు ఒక్కటే మెరుస్తుంది. అంటే కొత్త విరుపు టీ1లో నలుపు, స్టిర్‌లో తెలుపు. పాతబడిన పూసలో కొవ్వు తిరిగి వచ్చేసి ఉంటుంది. ఆకారం కుంగి ఉన్నా రంగు రెండు బొమ్మల్లోనూ పక్క పూసల్లాగే ఉంటుంది.

మామూలు టీ2 బొమ్మతోనే చిక్కు. ఇప్పటి మిషన్లలో అందులో కొవ్వూ తెలుపే, నీరూ తెలుపే. అది ఒక్కటే చూసి ‘తెల్లగా ఉంది కాబట్టి కొత్తది’ అంటే కుదరదు. కొత్త విరుపు అందులో కనపడకుండా పోవడమూ ఉంది. షాపు గారి లెక్క తప్పేది ఇక్కడే.

గుణుపురం కుర్రాడు:
ఎంఆర్ఐ అయింది. బరంపురంలోనే తీయించాం. రిపోర్టులో ఉన్నది నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. ఎల్1 పై పలక కింద టీ1లో నల్లటి పట్టీ, స్టిర్‌లో పూస పైసగం తెలుపు, కింది భాగంలో కొవ్వు మామూలుగానే ఉంది. వెనక గోడ ఉబ్బలేదు. డి11 మాత్రం కుంగింది కానీ రంగు పక్క పూసల్లాగే ఉంది. డిస్కులు బాగానే ఉన్నాయి.

డాక్టర్ గారు చెప్పినట్టు బీరువా మీద వెతికితే ఛాతీ ఎక్స్‌రేలు రెండు దొరికాయి. నాలుగేళ్ళ కిందట ఆయాసం వచ్చినప్పుడు తీసినవి. పక్క నుంచి తీసిన దాంట్లో అడుగున ఒక పూస ముందువైపు అణిగినట్టు ఉంది. అదే డి11 అవునా?

బరంపురం రేడియాలజిస్ట్:
లెక్క జాగ్రత్తగా పెట్టాలి. ఛాతీ ఫిల్ములో పై నుంచి, నడుము ఫిల్ములో కింద నుంచి లెక్కపెడతాం. కొందరికి అడుగున పూస ఒకటి ఎక్కువో తక్కువో ఉంటుంది, అప్పుడు పేరు ఒకటి అటూ ఇటూ అవుతుంది. చివరి పక్కటెముకలు ఏ పూసకు ఉన్నాయో రెండు ఫిల్ముల్లోనూ చూసి పోల్చమని రిపోర్టు ఇచ్చిన డాక్టరుని అడుగు. అది డి11 అని తేలితే ఆ పూస కనీసం నాలుగేళ్ళ కిందటే కుంగింది. అప్పుడు నొప్పి వచ్చిందో లేదో పెద్దమ్మకి గుర్తు లేకపోయినా వింత కాదు. ఇలాంటివి చాలావరకు ‘నడుము పట్టేసింది’ అనే మాటలోనే కలిసిపోతాయి.

ఎల్1 మాత్రం కొత్తది. డబ్బా జరిపినప్పటి కథకి సరిపోతుంది. ఆ పూస మీద వేలితో తడితే అక్కడే నొప్పి అంటోందా? అంటే బొమ్మా ఒళ్ళూ ఒకే మాట చెబుతున్నట్టు.

బిస్సంకటక్ టీచరమ్మ:
మా అత్తగారిది వేరే కథ. ఎనిమిది నెలల తర్వాత తీసినా స్టిర్‌లో తెల్లగానే ఉంది. ‘మళ్ళీ కొత్తగా విరిగిందా’ అని ఇంటిల్లిపాదీ టెన్షన్ పడ్డాం. ఆవిడ పడలేదు, బరువు ఎత్తలేదు. నిలబడితే నొప్పి, పడుకుంటే హాయి.

బరంపురం రేడియాలజిస్ట్:
స్టిర్ తెలుపు తేదీ ముద్ర కాదు టీచర్ గారూ. మామూలుగా ఒకటి నుంచి మూడు నెలల్లో పలచబడుతుంది, కొందరిలో ఇంకా చాలాకాలం ఉంటుంది. మీ అత్తగారి పూస అసలు అతుక్కోలేదేమో. అలాంటి పూస లోపల చిన్న ఖాళీ ఏర్పడుతుంది. నిలబడితే మూసుకుపోతుంది, వెల్లకిలా పడుకుంటే తెరుచుకుంటుంది. అందులో గాలి ఉంటే ఎక్స్‌రేలో నల్లటి గీతగా, నీరు నిండితే స్టిర్‌లో బాగా మెరిసే గీతగా కనిపిస్తుంది. ఎక్స్‌రే ఒకటి నిలబెట్టి, ఒకటి పడుకోబెట్టి తీసి పూస ఎత్తు మారుతోందేమో చూడమనండి. మారితే అది కదులుతోందన్నమాట.

ఇంకో మాట. తెల్లబడింది అంటే బోలు ఎముకే విరిగింది అని కూడా కాదు. మన వైపు క్షయ మర్చిపోకూడదు. అది ఎక్కువగా డిస్కుకి అటూ ఇటూ ఉన్న రెండు పూసల్నీ పట్టుకుని, మధ్యలో డిస్కునీ తినేస్తుంది. క్యాన్సర్ అయితే కొవ్వు ఎక్కడా మిగలకపోవడం, వెనక గోడ గుండ్రంగా బయటికి ఉబ్బడం, పూస వెనక ఉండే పెడికిల్స్ అనే ఎముక కాడల దాకా పాకడం ఉంటాయి. పెద్దమ్మ ఎల్1లో కింది భాగం కొవ్వు మిగిలి ఉంది, డిస్కు బాగుంది. అందుకే ఆ భయం అంతగా లేదు. రక్త పరీక్షలు చేయించుకోవడం మాత్రం మంచిదే.

పర్లాకిమిడి తెలుగు మాస్టారు:
ఇప్పుడు మాట సంగతి. కొత్త విరుపుని రిపోర్టుల్లో అక్యూట్ అంటారు. ఆ మాటకి పుస్తకాల్లో ‘తీవ్రమైన’ అని రాసేస్తారు. ఇక్కడ అది ప్రమాదం. పెద్దమ్మతో ‘తీవ్రమైన విరుపు’ అంటే మంచం దిగదు. మన ఇళ్ళలో పచ్చి పుండు, మానిన పుండు అంటాం. ‘పచ్చి విరుపు’ అంటే కొత్తదనీ వస్తుంది, లోపల తడి ఉందనీ వస్తుంది. డాక్టర్ గారు చెప్పిన నీటి బొమ్మకి కూడా సరిపోతుంది.

రాయగడ మందుల షాపు:
పచ్చి బాగుంది. అయితే పాతది ‘మానిన విరుపు’ అవుతుందా? మానితే పూస మళ్ళీ పైకి లేస్తుంది అనుకుంటారు మా కస్టమర్లు.

పర్లాకిమిడి తెలుగు మాస్టారు:
అందుకే ‘పాత కుంగు’ అంటాను. కుంగింది కుంగినట్టే ఉంటుంది కదా.

బరంపురం రేడియాలజిస్ట్:
నాకు ‘పాత’ మీదే అనుమానం. టీచర్ గారి అత్తగారిది ఎనిమిది నెలల పాతదే, కానీ పచ్చిగానే ఉంది. నేను తెలుగులో చెప్పాల్సి వస్తే పచ్చి, ఆరిన అనే చెబుతాను, నెలలు చెప్పను. ఇక ఏజ్ ఇండిటర్మినేట్‌కి కొత్త మాట ఎందుకు? ‘ఎప్పుడు విరిగిందో ఈ ఫిల్ము చూసి చెప్పలేం’ అంటే చాలు.

జయపురం రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్:
అది వాక్యం, పదం కాదు. ‘అనిర్ణీతకాల భంగం’ అని నా సూచన. ఇంకో సందేహం, నాకు గుండెలో పేస్‌మేకర్ ఉంది. నాలాంటి వాడికి పూస కుంగితే ఎలా తెలుసుకుంటారు?

బరంపురం రేడియాలజిస్ట్:
కొన్ని పేస్‌మేకర్లకి జాగ్రత్తలతో ఎంఆర్ఐ చేస్తారు, మీ కార్డు చూపించండి. కుదరకపోతే సీటీ, లేదా ఎముకల స్కాన్. స్కాన్‌లో పూస వెలగకపోతే పాతదని చాలావరకు నమ్మొచ్చు. వెలిగితే మాత్రం తొందరపడకూడదు, అతుక్కున్నాక కూడా ఏడాది, ఒక్కోసారి ఇంకా పైనే వెలుగుతుంది.

గుణుపురం కుర్రాడు:
పెద్దమ్మకి ‘ఒకటి పచ్చిది, ఒకటి ఎప్పుడో ఆరిపోయింది’ అని చెప్పాను. వెంటనే అర్థమైంది. “ఆరినదానికి మందెందుకురా, పచ్చిదానికే ఇమ్మను” అంటోంది. డాక్టరు గారేమో ఎముక బలానికి మందు మొదలెట్టాలన్నారు. ఏం చెప్పమంటారు?

బరంపురం రేడియాలజిస్ట్:
ఇప్పటి నొప్పి ఎల్1ది. నొప్పి మందులు, బెల్టు, తగ్గకపోతే సిమెంటు ఎక్కించే ఆలోచన, అన్నీ ఆ పూస చుట్టూనే. ఎముక మందు మాత్రం రెండు పూసల కోసమూ కాదు, ఇంకా విరగని మిగతా వాటి కోసం. నాలుగేళ్ళ కిందటి ఫిల్ములో ఉన్నది డి11 అని తేలితే, దాన్ని అప్పుడు ఎవరైనా గమనించి ఉంటే ఆ మందు అప్పుడే మొదలయ్యేది. ఆవిడతో అలాగే చెప్పు.