17 ఏళ్ళు చేసిన సేల్స్‌మేన్ ఊరు మారుతున్నాడు: ఉంగరం పెట్టి పంపాలా, లెక్క కట్టి పంపాలా?

పాత_తాను: చీరాలలో మాది బట్టల కొట్టు. మొన్న దీపావళికి మావాడు చేరి పదిహేడేళ్ళు నిండాయి. ఉగాది లోపు విశాఖ వెళ్ళిపోతున్నాడు, అక్కడ పెద్ద షోరూంలో చేరతాడట. పావు తులం ఉంగరం, ఇంటిల్లిపాదికీ బట్టలు పెట్టి, కొట్లోనే భోజనాలు పెట్టి పంపాలని ఉంది. స్లాబు వేసుకోడానికి తీసుకున్న అడ్వాన్సులో ఇంకా 60,000 ఉంది. అది అడగాలా, వదిలేయాలా? మీరైతే ఎలా సాగనంపుతారు?

గల్లాపెట్టె: భోజనాల సంగతి తర్వాత అన్నా, ముందు అరువు ఖాతాలన్నీ పుస్తకంలో ఎక్కాయో లేదో చూసుకోండి. మా కొట్లో పన్నెండేళ్ళు చేసినవాడు నాకు దండం పెట్టి, మా ఆవిడ చేతి పాయసం తాగి, మూడో నెలలో ఎదురు సందులో కొత్త కొట్లో కనిపించాడు. పెళ్ళి బట్టలకి వచ్చే నలభై కుటుంబాల ఫోన్ నంబర్లు వాడి జేబు పుస్తకంలో ఉన్నాయి, నా దగ్గర ఒక్కటీ లేదు. ఆ సీజన్‌లో పట్టు చీరల బీరువా తెరిస్తే ఒట్టు. అందుకే చెప్తున్నా, నంబర్లు రాయించుకున్నాకే ఉంగరం.

నెల్లూరు_శ్రావణి: ఉంగరం పెట్టండి, ఫోటో తీయించి కొట్లో కట్టించండి. ఆయన ఎప్పుడు ఊరొచ్చినా చూసుకుంటాడు.

లెక్కల_బాబాయ్: నేను ముప్ఫై ఏళ్ళు కొట్లకి లెక్కలు రాశాను బాబూ. ఉంగరం నీ ఇష్టం, నీ ప్రేమ. కానీ అది పెట్టేముందు గ్రాట్యుటీ సంగతి తేల్చుకో. ఆఖరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, ఎన్నేళ్ళు చేశాడో దాంతో గుణించాలి. ఆరు నెలలు దాటిన ముక్క ఉంటే ఇంకో ఏడు కింద లెక్క, దాటకపోతే లేదు. మీవాడికి ఆ అయిదు నెలలు పోతాయి, పదిహేడేళ్ళే. జీతం ఎంత?

పాత_తాను: పదహారు వేలు. దసరా బోనస్ విడిగా ఏటా ఒక నెల జీతం ఇస్తున్నాను.

లెక్కల_బాబాయ్: అయితే 1,56,923 రూపాయలు.

గల్లాపెట్టె: బాబాయ్ గారూ, మీరు భయపెట్టకండి. గ్రాట్యుటీ అనేది పది మంది పనిచేసే చోటికే. ఈయన కొట్లో పది మంది ఎక్కడున్నారు? తానుల షాపుకి ఫ్యాక్టరీ రూలు అంటగడితే ఎట్లా?

పాత_తాను: ఔను, ఇప్పుడు నాతో కలిపి ఏడుగురమే. 2013లో పక్క గది తీసుకుని రెడీమేడ్ కౌంటర్ పెట్టినప్పుడు పదకొండు మంది దాకా పనివాళ్ళు ఉండేవాళ్ళు. అది రెండేళ్ళకే తీసేశాం. కరోనా తర్వాత ఇంకా తగ్గారు. ఆ లెక్కన నాకు వర్తించదు కదా?

లెక్కల_బాబాయ్: ఆ రెండేళ్ళే అసలు సంగతి. ఒకసారి పది మంది అయిన కొట్టుకి చట్టం అంటుకుంటే, తర్వాత మనుషులు తగ్గినా అది వదలదు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టంలో అంతే, ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో కలిశాక కూడా అంతే. యజమానిగా నిన్ను ఆ పదిలో లెక్కపెట్టరు, కానీ పండగ సీజన్‌కి తెచ్చిన కుర్రాళ్ళని లెక్కపెడతారు, చాలామంది అక్కడే దొరికిపోతారు. 2013 నాటి హాజరు పట్టీ, జీతాల పుస్తకం తీసి చూడు, నీకే తెలుస్తుంది. ఒకవేళ ఎప్పుడూ పది మంది లేకపోయినా నిశ్చింతగా కూర్చోవద్దు. మన రెండు రాష్ట్రాల్లోనూ 1988 నాటి షాపుల చట్టం ఉంది. మానేసేవాడికి రావాల్సినదేమిటో మీ అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ దగ్గర ఒకసారి అడుగు.

బందరు_మేడం: మా స్కూల్లో నేను తొమ్మిది నెలలు చేసి మానేశాను, ఆఖరి నెల జీతం ఇవ్వలేదు. ఈ 15/26 లెక్క నాకూ వస్తుందా?

లెక్కల_బాబాయ్: అది వేరే సంగతమ్మా. మామూలుగా అయిదేళ్ళు నిండాలి. మీది జీతం బాకీ, దానికి విడిగా అర్జీ పెట్టుకోండి.

మిషన్_కుట్టు: సింపుల్‌గా చెప్తాను. 60,000 మాఫీ చేశామని చెప్పి, మిగిలిన 97,000 చేతిలో పెట్టండి. రెండు పనులూ అయిపోతాయి, ఇద్దరికీ టెన్షన్ ఉండదు.

లెక్కల_బాబాయ్: అమ్మా, డబ్బు లెక్క సరిగ్గానే ఉంది, మాటే తప్పు. అడ్వాన్సు మాఫీ చేశానంటూనే దాన్ని గ్రాట్యుటీలో పట్టుకుంటే అది మాఫీ ఎలా అవుతుంది, వసూలు అవుతుంది. గ్రాట్యుటీని అప్పులవాళ్ళు కోర్టు డిక్రీ తెచ్చుకున్నా జప్తు చేయలేరు, అంత కాపలా ఉన్న డబ్బు అది. మొత్తం 1,56,923 బ్యాంకులో వేసి రసీదు తీసుకోండి. అడ్వాన్సుకి వేరే కాగితం. అతనే ‘ఇదిగో మీ బాకీ’ అని తెచ్చిస్తే తీసుకోండి, వద్దంటే వద్దనండి. రెండూ ఒకే కాగితం మీద రాస్తే రేపు ఎవరికి ఎంత ఇచ్చారో ఇద్దరికీ గుర్తుండదు.

గల్లాపెట్టె: అంటే యజమాని లక్షన్నర ఇచ్చి, ఉంగరం పెట్టి, భోజనం పెట్టి, అరవై వేలు కూడా వదులుకోవాలి. వాడు మాత్రం నలభై కుటుంబాలని జేబులో వేసుకుని పోవాలి.

లెక్కల_బాబాయ్: విశాఖ నుంచి చీరాల పెళ్ళివాళ్ళని ఎలా లాక్కుపోతాడయ్యా? నీ కథ ఎదురు సందుది.

గల్లాపెట్టె: వాట్సాప్‌లో చీరల ఫోటోలు పెట్టి కొరియర్‌లో పంపుతున్నారండీ ఈ రోజుల్లో. మీరు లెక్కలు రాసేటప్పుడు ఇవి లేవు.

కౌంటర్_వెనక: నేను సేల్స్‌మేన్‌ని. పద్నాలుగేళ్ళు ఒక కొట్లో చేసి ఇంకో ఊరు వచ్చాను. నాకూ భోజనాలు పెట్టారు. అరటాకులో గారె వేసి, అందరూ కూర్చున్నాక ఓనర్ గారు లేచి ‘వీడు వచ్చినప్పుడు మీటరు బద్ద పట్టుకోవడం రాదు, నేనే నేర్పాను, నా ఉప్పు తిన్నాడు’ అన్నారు. మా అబ్బాయి నా పక్కనే ఉన్నాడు. వాడికి పదేళ్ళు. నేను ఆకు వంక చూస్తూ కూర్చున్నాను. పద్నాలుగేళ్ళలో నేను ఏం చేశానో ఒక్క మాట లేదు. ఎవరింట్లో ఏ నెలలో పెళ్ళో, ఏ అమ్మగారు ఏ రంగు కట్టుకోరో, సరుకు దింపినప్పుడు ఏ తానులో నేత తప్పు ఉందో చేత్తో తడిమి చెప్పింది నేను. పాత_తాను గారూ, మీరు భోజనం పెట్టేటట్టయితే మాట జాగ్రత్త. ‘నేను ఇచ్చాను’ అనే మాట ఆ రోజు వద్దు. అతను చేసింది ఒక్కటి చెప్పండి చాలు. పేరు పెట్టి, ఫలానా రోజు అని.

పాత_తాను: అందరూ నన్ను దోషిని చేసి మాట్లాడుతున్నారు. నేను వాడికి ఏం తక్కువ చేశాను? వాళ్ళమ్మ ఆపరేషన్‌కి రాత్రి పన్నెండింటికి డబ్బు పట్టుకెళ్ళాను. పాపకి పుస్తకాలు ఏటా నేనే కొంటున్నాను. లక్షన్నర గురించి నాకు బాధ లేదు, ఇస్తాను. రెండు నెలల ముందే వాడు విశాఖ వెళ్ళి మాట్లాడుకొచ్చాడు. నాకు తెలిసింది ఎలాగో చెప్పనా? ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పార్సిల్ విడిపించుకుంటుంటే అక్కడి గుమాస్తా ‘మీవాడు వెళ్ళిపోతున్నాడటగా’ అన్నాడు. పదిహేడేళ్ళు పొద్దున తాళం వాడి చేత్తోనే తీయించాను. నాకు ఒక్క మాట చెప్పలేకపోయాడా? ఇంటివాడే అనుకున్నానండీ.

మిషన్_కుట్టు: అయ్యో. అసలు సంగతి ఇదా.

గల్లాపెట్టె: నేను మొదటి నుంచీ చెప్తున్నది అదే. చెప్పకుండా పోయేవాడికి ఉంగరమెందుకు?

కౌంటర్_వెనక: గల్లాపెట్టె గారూ, మీరే జవాబు చెప్పండి. మీ సేల్స్‌మేన్ రెండు నెలల ముందు ‘వేరే చోట చూసుకుంటున్నాను’ అంటే ఏం చేసేవారు? ఆ సాయంత్రమే తాళాలు తీసుకునేవారు, గల్లా దగ్గరికి రానిచ్చేవారు కాదు. మా ఓనర్ గారు ఇంకొకడికి అదే చేశారు, నేను కళ్ళారా చూశాను. అవతలి ఉద్యోగం ఖాయం కాకముందే ఇవతలిది పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. పాత_తాను గారూ, ఆయన మిమ్మల్ని నమ్మక కాదు. మీ ముఖం చూస్తూ చెప్పలేకపోయాడు. నేనూ చెప్పలేకపోయాను. ఇంకోటి అడుగుతాను, కోప్పడకండి. ఇంటివాడు అన్నారు కదా, పీఎఫ్ కట్టారా?

పాత_తాను: ఇరవై మంది లేరు కాబట్టి కట్టనక్కర్లేదు.

కౌంటర్_వెనక: కట్టనక్కర్లేదు, నిజమే. ఆ షోరూంలో కడతారు. నలభై అయిదేళ్ళ మనిషికి అది చూసుకోవాలని ఉండదా?

పాత_తాను: జీతం ఎంతిస్తారో అడిగాను. ఇరవై నాలుగు అన్నాడు. పీఎఫ్ సంగతి చెప్పలేదు, నేనూ అడగలేదు. వాళ్ళ అబ్బాయికి అక్కడ ఇంజినీరింగ్ సీటు వచ్చిందని మాత్రం చెప్పాడు.

లెక్కల_బాబాయ్: బాబూ, కోపం ఉన్న చోటే ఉండనీ, పని మాత్రం వరసలో చెయ్యి. ఈ వారం రోజూ కొట్టు కట్టేశాక ఒక గంట కూర్చుని అరువు ఖాతా పేజీ పేజీ చూసుకోండి. ఎవరెవరు నోటి మాట మీద తీసుకెళ్ళారో అతనికే తెలుసు. ఆ సంతకాలు ఇప్పుడు రాకపోతే ఎప్పటికీ రావు. మానేసిన రోజు నుంచి 30 రోజుల లోపు గ్రాట్యుటీ వెయ్యాలి, దాటితే వడ్డీ. దాంతోపాటు ఒక సర్వీసు సర్టిఫికెట్: చేరిన తేదీ, మానేసిన తేదీ, ఏ పని చేశాడో, చివరి జీతం. విశాఖలో ఎవరూ నీకు ఫోన్ చేసి అడగరు, కాగితమే మాట్లాడాలి.

గల్లాపెట్టె: ఖాతాల సంగతి నేనే ముందు చెప్పాను, మీరందరూ మర్చిపోయారు.

పాత_తాను: నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. ఖాతా దగ్గర కూర్చున్నాం. పుస్తకంలో ఎక్కనివి ఇరవై మూడు వేలు తేలాయి, అన్నీ వాడే గుర్తుచేశాడు. మూడో రోజు రాత్రి వాడు మంగళగిరి చీర ఒకటి మడతపెడుతూ, అంచుకి అంచు కలిపి బల్ల మీద అరచేత్తో రాస్తూ, తలెత్తకుండానే అన్నాడు: ‘మీకు చెప్పడానికి రెండుసార్లు ఇంటికొచ్చానండి, గేటు దాకా వచ్చి వెళ్ళిపోయాను.’ నాకేం మాట్లాడాలో తెలియలేదు. పీఎఫ్ గురించి అడిగాను. అదీ ఒక కారణమే అన్నాడు.

2014 జీతాల పుస్తకం దొరికింది. పదకొండు పేర్లు ఉన్నాయి. మొత్తం డబ్బు బ్యాంకులో వేస్తున్నాను. అడ్వాన్సు సంగతి ఇంకా తేల్చుకోలేదు, మా ఆవిడ వదిలేయమంటోంది, వాడేమో నెలకి అయిదు వేలు పంపుతానంటున్నాడు. భోజనాలు ఆదివారం. 2020లో కొట్టు మూసిన రోజుల్లో సగం జీతానికే వచ్చి, బీరువాల్లో చీరలకి చెమ్మ పట్టకుండా వారానికోసారి అన్నీ తీసి ఆరబెట్టాడు, అది చెప్తాను. ఆఖరి రోజు బోణీ వాడి చేతే చేయిస్తాను.

గల్లాపెట్టె: నంబర్లు రాయించుకున్నారా?