అప్‌డేట్: నా దారాకారకుడు శుక్రుడా, రాహువా?

అప్పట్లో నేను అడిగింది: "కన్యా లగ్నం. ఒక యాప్ దారాకారకుడు శుక్రుడంటోంది, ఇంకోటి రాహువంటోంది. ఏది నమ్మాలి?"

దారాకారకుడంటే జైమిని జ్యోతిషంలో జీవిత భాగస్వామిని సూచించే గ్రహం, అంటే తన రాశిలో అందరికంటే తక్కువ డిగ్రీల్లో ఉన్నది. యాప్‌ల సెట్టింగ్స్ చూస్తే విషయం తెలిసింది. శుక్రుడు కర్కాటకంలో 2°05′, రాహువు 28°40′. ఏడు కారకుల పద్ధతిలో రాహువును లెక్కించరు కాబట్టి అందరికంటే తక్కువ డిగ్రీ శుక్రుడిది. ఎనిమిది కారకుల పద్ధతిలో రాహువు వెనక్కి నడుస్తాడని 30 నుంచి తీసేస్తారు. మిగిలేది 1°20′, అంటే దారాకారకత్వం ఆయనకే. రెండు యాప్‌లూ కరెక్టే మరి!

మా ఊరి సిద్ధాంతిగారు ఏడు కారకులే వాడతారు. "దారాకారకుడు మనిషిని చెబుతాడు, సప్తమం దాంపత్యాన్ని చెబుతుంది, రెంటికీ లింకు ఉందా చూడు" అన్నారు. నా సప్తమం, అంటే లగ్నం నుంచి ఏడో రాశి, మీనం; దాని అధిపతి గురువు వృశ్చికంలో ఉన్నాడు. జైమినిలో చర రాశి పక్కదాన్ని వదిలి మిగతా స్థిర రాశులను చూస్తుంది. కర్కాటకం సింహాన్ని వదిలి వృశ్చికాన్ని చూస్తుంది, వృశ్చికమూ తిరిగి చూస్తుంది. అలా శుక్రుడికీ సప్తమాధిపతికీ పరస్పర దృష్టి కుదిరింది. ఆయన దాన్ని మంచి కలయికగానే చదివారు.

పెళ్లెప్పుడని అమ్మ అడిగితే మాత్రం, "అది దశలు చూసి చెప్పాలమ్మా" అన్నారు. అమ్మ టెన్షన్ అమ్మదే.