సైన్ ఇంటర్‌ప్రెటర్ వీడియో: హోస్ట్ స్పాట్‌లైట్ చేయాలా, ఎవరికి వాళ్లు పిన్ చేసుకోవాలా?

కొండాపూర్_శ్రీను:
మా ఆఫీసులో నెలకోసారి జూమ్‌లో అందరి మీటింగ్ ఉంటుంది. నలభై మంది దాకా వస్తాం, వాళ్లలో ఇద్దరు బధిరులు. ఇద్దరు సైన్ ఇంటర్‌ప్రెటర్లు వంతులవారీగా చేస్తారు. హోస్ట్‌ని నేనే. ఇంటర్‌ప్రెటర్‌ని అందరి స్క్రీన్ల మీదా పెద్దగా కనబడేలా స్పాట్‌లైట్ చేస్తే మా మేనేజర్ "మాట్లాడే మనిషి కనబడట్లేదు, వాళ్లిద్దరినీ పిన్ చేసుకోమను" అంటున్నారు. ఏం చేయమంటారు?

బెజవాడ_నెట్:
మీ మేనేజర్ చెప్పిందే కరెక్ట్. ఇంటర్‌ప్రెటర్ వీడియో మీద మూడు చుక్కలు నొక్కి `Pin` అంటే చాలు, వాళ్ల స్క్రీన్ మీద మాత్రమే పెద్దగా నిలబడుతుంది. మిగతావాళ్లకి ఏ తేడా ఉండదు. ఇద్దరి కోసం అందరి స్క్రీన్లూ ఎందుకు మార్చాలి?

రేవతి_ఐఎస్‌ఎల్:
నేను చేసేది ఈ పనే అండి. పిన్ ఒక మనిషి మీద పడుతుంది. మేమేమో పదిహేను ఇరవై నిమిషాలకోసారి మారతాం, అంతకు మించితే చేతులకంటే ముందు బుర్ర అలిసిపోయి తప్పులు వస్తాయి. నేను ఆపి రెండో ఆవిడ అందుకున్నాక కూడా పిన్ నా మీదే ఉంటుంది. చూసేవాళ్లు ఆవిడని వెతికి, పాత పిన్ తీసి, కొత్తది పెట్టేలోపు నాలుగు వాక్యాలు పోతాయి. అవి మళ్లీ ఎవరూ చెప్పరు. పిన్నే కావాలంటే మొదట్లోనే ఇద్దరినీ పిన్ చేసుకోమనండి. రెండో ఆవిడని పిన్ చేసేటప్పుడు `Add Pin` కనబడకపోతే, చూసేవాళ్లకి హోస్ట్ `Allow to Multi-pin` ఇవ్వాలి.

ఏమీ చేయకుండా స్పీకర్ వ్యూలో వదిలేస్తే అసలుకే మోసం. శబ్దం ఎవరి దగ్గర్నుంచి వస్తే వాళ్లనే జూమ్ పెద్దగా చూపిస్తుంది. సైన్‌కి శబ్దం ఉండదు కదా.

తెనాలి_లక్ష్మి:
మా నాన్నగారికి వినికిడి తగ్గింది. క్యాప్షన్లు ఆన్ చేసి ఇస్తే హాయిగా చదువుకుంటారు. అందరికీ అవే పెడితే ఈ గొడవ ఉండదుగా?

వరంగల్_వాసు:
లక్ష్మి గారూ, మీ నాన్నగారు ఇన్నేళ్లు విన్న భాషనే ఇప్పుడు చదువుతున్నారు. నేను పుట్టుకతో బధిరుణ్ని, సైన్‌లోనే పెరిగాను. స్క్రీన్ కింద పరిగెత్తే ఇంగ్లిష్ లైన్లు నాకు పరాయి భాష. క్యాప్షన్లు ఉండనివ్వండి, సైన్‌కి బదులుగా మాత్రం వద్దు.

బెజవాడ_నెట్:
స్పాట్‌లైట్ చేస్తే క్లౌడ్ రికార్డింగ్‌లో కూడా ఇంటర్‌ప్రెటరే పెద్దగా వస్తారు. పిన్‌తో ఆ సమస్య లేదు. రికార్డింగ్ సంగతి ఎవరూ మాట్లాడరేం?

రేవతి_ఐఎస్‌ఎల్:
అది సమస్య ఎలా అవుతుందండీ? ఆ రోజు సెలవులో ఉన్న బధిర ఉద్యోగి తర్వాత చూసేది ఆ రికార్డింగే. పిన్ క్లౌడ్ రికార్డింగ్‌లోకి రాదు కాబట్టి అతనికి ఇంటర్‌ప్రెటర్ ఉండీ లేనట్టే.

పైగా స్పాట్‌లైట్ అంటే ఒక్కరికే అనుకుంటున్నారు మీరు. తొమ్మిది మందిదాకా పెట్టొచ్చు. ముందు మాట్లాడే మనిషి మీద `Spotlight for Everyone`, తర్వాత ఇంటర్‌ప్రెటర్ మీద `Add Spotlight`. ఇద్దరూ పక్కపక్కన కనబడతారు. మేనేజర్ గారి ఇబ్బంది అక్కడితో తీరిపోవాలి.

బెజవాడ_నెట్:
మాట్లాడేవాళ్లు మారినప్పుడల్లా హోస్ట్ మార్చుకుంటూ కూర్చోవాలి. రికార్డింగ్‌లో సగం స్క్రీన్ పోతుంది. మేం ఆ వీడియోలు క్లయింట్లకి పంపుతాం. దీనికి జవాబు రాలేదు.

ఒంగోలు_రవి:
ఫోన్ వాళ్ల సంగతి? మా తమ్ముడికి కంప్యూటర్ లేదు. ఎవరైనా స్లైడ్లు షేర్ చేశారంటే స్క్రీనంతా స్లైడే, ఇంటర్‌ప్రెటర్ మూల గడిలో బొటనవేలంత అవుతారు. వేళ్లూ తెలియవు, ముఖమూ తెలియదు.

రేవతి_ఐఎస్‌ఎల్:
ఫోన్‌లో దానికి పూర్తి మందు లేదు రవి గారూ. కంప్యూటర్‌లో అయితే `Side-by-side` పెట్టి, స్లైడుకీ వీడియోకీ మధ్య ఉన్న గీతను పట్టుకుని జరిపితే మనిషి పెద్దగా అవుతారు. మీ తమ్ముడి లాంటివాళ్లకి స్లైడ్లు ముందే వాట్సాప్‌లో పంపించాలి, వివరించేటప్పుడు షేర్ ఆపమని అడగాలి.

నల్గొండ_టెక్:
జూమ్‌లో 2022 నుంచి `Sign Language Interpretation View` ఉంది. ఇంటర్‌ప్రెటర్ వేరే కిటికీలో వస్తారు, కావలసినంత పెద్దది చేసుకోవచ్చు, కావాలన్నవాళ్లకే కనబడుతుంది. ఇంకేం కావాలి?

బెజవాడ_నెట్:
చూశారా! అందరి స్క్రీన్ మార్చక్కర్లేదని మొదటినుంచీ నేను అంటున్నది ఇదే.

రేవతి_ఐఎస్‌ఎల్:
మంచిదే. కాకపోతే అకౌంట్ సెట్టింగ్స్‌లో ముందే ఆన్ చేసి ఉండాలి, హోస్ట్ మమ్మల్ని ఇంటర్‌ప్రెటర్లుగా చేర్చాలి. బధిరులు సైన్‌లో చెప్పింది నేను గొంతుతో చెప్పాలంటే హోస్ట్ నాకు మాట్లాడే అనుమతి ఇవ్వాలి. అది మర్చిపోతే నేను మాట్లాడుతూనే ఉంటాను, ఎవరికీ వినబడదు.

వరంగల్_వాసు:
ఇన్ని పోస్టులూ చదివాను. అన్నీ నేను ఎలా చూడాలన్న దాని గురించే. నన్ను ఎవరైనా చూడాలని ఒక్కరికీ తోచలేదు.

పాత ఉద్యోగంలో రివ్యూ మీటింగ్. ఇంటర్‌ప్రెటర్ ఒక్కరినే స్పాట్‌లైట్ చేసి, బధిరుల పని అయిపోయిందనుకున్నారు. నేను చెయ్యెత్తి, ఒక గడువు ఎందుకు మారిందని సైన్‌లో అడిగాను. ఇంటర్‌ప్రెటర్ గ్యాలరీలో పేజీకి ఇరవై ఐదు గడులు, నేను రెండో పేజీలో ఉన్నాను. చాట్‌లో రాస్తే తప్ప ఆవిడకి కనబడలేదు. ఆవిడ గొంతుతో చెప్పగానే వెలిగింది ఆవిడ గడి. మినిట్స్‌లో ఆ ప్రశ్న ఆవిడ పేరు మీద రాశారు. ఆ ప్రాజెక్టులో ఆ లోపం పట్టింది నేను! అప్రైజల్‌లో "మీటింగుల్లో పాల్గొనడు" అని రాశారు.

బెజవాడ_నెట్:
మీకు జరిగింది అన్యాయమే వాసు గారూ. కానీ అది మినిట్స్ రాసినవాళ్ల తప్పు. ఇక్కడ ప్రశ్న పిన్నా, స్పాట్‌లైటా అని. దాన్ని పక్కదారి పట్టించకండి.

వరంగల్_వాసు:
పక్కదారి కాదండీ, ఇదే ప్రశ్న. పిన్ చేసుకోమంటే నా ఏర్పాటు నేనే చూసుకోవాలి, మీకు ఏ తేడా ఉండదు. మీ మొదటి పోస్టులో మెచ్చుకున్నదే అది. నేను మాట్లాడుతున్నప్పుడు మీకు తేడా ఉండాలి. ఆ వేరే కిటికీ కూడా అంతే, నేను ఏమన్నానో వింటారు, అన్నది నేనని చూడరు.

బెజవాడ_నెట్:
నేను ఎవరినీ తక్కువ చేయలేదు. మీటింగ్ నడిపేవాడి కష్టం చెప్పాను. అది తప్పైతే ఇక రాయను.

లా_విద్యార్థి:
2023 సెప్టెంబర్‌లో బధిర న్యాయవాది సారా సన్నీ వీడియో ద్వారా సుప్రీంకోర్టులో హాజరైనప్పుడు కూడా ఇంటర్‌ప్రెటర్‌ని స్క్రీన్ మీద ఉంచాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది. ఉంచమన్నది అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ చంద్రచూడ్. మీ మేనేజర్‌కి చెప్పి చూడండి.

కొండాపూర్_శ్రీను:
అందరికీ థాంక్స్. వచ్చే మీటింగ్‌కి ఇలా అనుకుంటున్నాను: మాట్లాడేవాళ్లు, ఇంటర్‌ప్రెటర్ ఇద్దరూ స్పాట్‌లైట్‌లో. బధిరులు చెయ్యెత్తితే వాళ్లకి వెంటనే `Add Spotlight`, అప్పుడు ఇంటర్‌ప్రెటర్‌కీ వాళ్లు పెద్దగా కనబడతారు. మినిట్స్‌లో ఎవరు అడిగితే వాళ్ల పేరే. కానీ నేను ప్రజెంట్ చేసేటప్పుడు ఇవన్నీ ఎవరు మారుస్తారు?

బెజవాడ_నెట్:
ఇద్దరు ఇంటర్‌ప్రెటర్లు ఉన్నారుగా. ఖాళీగా ఉన్నావిడకి కో-హోస్ట్ ఇచ్చేయండి.

రేవతి_ఐఎస్‌ఎల్:
ఖాళీగా ఉండమండీ. నా వంతు కానప్పుడు కూడా నేను వింటూ, రెండో ఆవిడకి జారిపోయిన పేర్లూ అంకెలూ అందిస్తుంటాను. శ్రీను గారూ, మీ టీమ్‌లోంచే ఒకరికి కో-హోస్ట్ ఇవ్వండి. బ్రేకౌట్ రూములు పెడితే మెయిన్ మీటింగ్‌లోని స్పాట్‌లైట్ అక్కడికి వెంట రాదు, ప్రతి గదిలోనూ మళ్లీ పెట్టాలి. అందుకని ఆ మనిషి బధిరులున్న గదిలోనే ఉండేలా చూడండి.

బెజవాడ_నెట్:
క్లయింట్‌కి పంపే రికార్డింగ్ సంగతి ఇంకా తేలలేదు.

వరంగల్_వాసు:
ఆ క్లయింట్ ఆఫీసులో బధిరులు లేరని మీకెవరు చెప్పారు?