యూట్యూబ్ వీడియో చివర్లో వచ్చే ఎండ్ స్క్రీన్ నొక్కేవాళ్లు తక్కువ, నొక్కినవాళ్లూ నిలబడట్లేదు. మీకెలా ఉంది?

పచ్చడి_జాడీ
గోంగూర పచ్చడి వీడియో, 8 నిమిషాల 40 సెకన్లు. 28 రోజుల్లో 14,200 వ్యూస్ వచ్చాయి. చివరి 20 సెకన్లలో ఎండ్ స్క్రీన్ పెట్టాను. అందులో కొత్తగా అప్‌లోడ్ చేసిన వీడియో, ఒక ప్లేలిస్ట్, సబ్‌స్క్రైబ్ ఉన్నాయి. క్లిక్ రేటు 1.2% చూపిస్తోంది. మధ్యలో నాలుగు కార్డులు కూడా పెట్టాను, వాటిని నొక్కినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒకటి చూసినవాళ్లు రెండోదానికి వెళ్లాలంటే మీరేం మార్చారు? థంబ్‌నెయిల్ మార్చమని మాత్రం చెప్పకండి, ఆ ముచ్చట అయిపోయింది.

బుజ్జి_పాటలు
మీకు 1.2 అయినా ఉందండీ. నాకు ఎండ్ స్క్రీన్ పెట్టే ఆప్షనే నొక్కుడు పడట్లేదు. మూడు సార్లు లాగౌట్ అయ్యి చూశాను.

స్పానర్_అన్న
పిల్లల పాటలేనా మీవి? "మేడ్ ఫర్ కిడ్స్" అని పెట్టి ఉంటారు. దానికి ఎండ్ స్క్రీన్ ఉండదు, కార్డులూ ఉండవు. 2020 జనవరి నుంచి అంతే. లాగౌట్ కాదు, ఫోన్ మార్చినా రాదు.

బుజ్జి_పాటలు
అయ్యో. మరి నా పక్కింటాయన ఛానెల్లో వస్తోందే?

స్పానర్_అన్న
ఆయన పిల్లలవి కావని పెట్టి ఉంటాడు. అది ఆయన తలనొప్పి, మీరు ఆ దారిన పోకండి.

లెక్కల_సార్
పదో తరగతి లెక్కలు చెబుతాను, ఆరేళ్లుగా ఛానెల్ నడుపుతున్నాను. అనుభవంతో చెబుతున్నా, మీ సమస్యకి ఒక్కటే మందు. సబ్‌స్క్రైబ్ తీసేయండి. నాకూ మూడే ఉండేవి, అది తీసేశాను, రేటు 1.4 నుంచి 2.1కి ఎగిరింది. ఒక్క రోజు పని. ఇక కార్డుల మాటంటారా, అవి విషం. త్రికోణమితి వీడియోలో "పట్టిక రాకపోతే ఇది చూడండి" అని కార్డు పెడితే పిల్లలు అటు పోయి మళ్లీ ఇటు రాలేదు. అన్నీ పీకేశాను.

రాత్రి_ఎడిటర్
సార్, ఆ 2.1 ఎలా వచ్చిందో చూశారా? యూట్యూబ్ స్టూడియో అడ్వాన్స్‌డ్ మోడ్‌లో ఆ లెక్క పేరే `Clicks per end screen element shown`. అంటే కింద భాగహారంలో ఉండేది మనుషులు కాదు, తెర మీద కనిపించిన డబ్బాలు. ఒక మనిషికి మూడు డబ్బాలు చూపిస్తే మూడుగా లెక్కపడుతుంది. మీరు ఒక డబ్బా తీసేశారు, కింది సంఖ్య మూడో వంతు తగ్గింది. పైన క్లిక్కులు అలాగే ఉన్నా రేటు ఎగురుతుంది. 1.4ని 3 పెట్టి గుణించి 2 పెట్టి భాగించండి, సరిగ్గా 2.1 వస్తుంది. లెక్కల మాస్టారు కదా.

లెక్కల_సార్
వెటకారం అక్కర్లేదు. తర్వాతి వీడియోకి వెళ్లినవాళ్లు పెరిగారనే నేను అంటున్నాను.

రాత్రి_ఎడిటర్
పెరిగితే మంచిదే. ఎన్ని నుంచి ఎన్నికి పెరిగారో సంఖ్య చెప్పండి, శాతం కాదు.

లెక్కల_సార్
పాతవి రాసిపెట్టుకోలేదు. కానీ ఒకసారి కూర్చుంటే చూసే సమయం, అదే సెషన్ టైమ్, పెరిగింది. యూట్యూబ్‌కి కావాల్సింది అదే, ఈ క్లిక్కులు కాదు.

డల్లాస్_బావ
ఆ సెషన్ టైమ్ ఏ పేజీలో కనిపిస్తుందో కాస్త చూపించండి సార్. ఏడాదిగా వెతుకుతున్నాను.

లెక్కల_సార్
మొత్తం అనలిటిక్స్ చూస్తే తెలిసిపోతుంది. అనుభవం ఉండాలి.

రాత్రి_ఎడిటర్
స్టూడియోలో ఆ పేరుతో ఏ లెక్కా లేదు. దగ్గరగా ఉన్నది `Average views per viewer`, ఒక్కో మనిషి మన ఛానెల్లో సగటున ఎన్ని చూశాడన్నది. అది కూడా ఒకేసారి కూర్చుని చూశాడని చెప్పదు. వాదన పక్కన పెట్టి ఆమె అడిగినదానికి వద్దాం.

పచ్చడి గారూ, మూడు సంఖ్యలు ఇవ్వండి. ఎండ్ స్క్రీన్ మొదలయ్యే 8:20 దగ్గర ఎంతమంది ఇంకా చూస్తున్నారో చెప్పే రిటెన్షన్ గీత ఎంత ఉంది? దానికి పావు నిమిషం ముందు ఎంత? క్లిక్కులు ఏ డబ్బాకి ఎన్ని?

పచ్చడి_జాడీ
8:05 దగ్గర 39%. 8:20 దగ్గర 21%. క్లిక్కులు మొత్తం 107. సబ్‌స్క్రైబ్ 54, కొత్త వీడియో 31, ప్లేలిస్ట్ 22.

రాత్రి_ఎడిటర్
8:05కీ 8:20కీ మధ్య ఏమంటున్నారు?

పచ్చడి_జాడీ
"ఇదండీ మన గోంగూర పచ్చడి, నచ్చితే లైక్ చేయండి, మీ ఇంట్లోవాళ్లకి షేర్ చేయండి" అంటాను. అందరూ అనేదే.

రాత్రి_ఎడిటర్
అక్కడే సగం మంది లేచి వెళ్లిపోయారు. "ఇదండీ" అనగానే వంట అయిపోయిందని వాళ్లకి తెలుసు. 14,200లో 21% అంటే దాదాపు 2,980 మంది తెర దాకా వచ్చారు. గీతలో రెండోసారి చూసినవాళ్లు కూడా కలుస్తారు కాబట్టి ఇది సుమారు లెక్కే. వీళ్లలో వేరే వీడియోకి వెళ్లింది 53. తెర చూసిన వందలో ఇద్దరు కూడా లేరు. మీరు చూసుకుంటున్న 1.2లో సగం సబ్‌స్క్రైబ్‌దే.

ఇంకోటి, ఆ నెలలో కొత్తగా అప్‌లోడ్ చేసింది ఏ వంట?

పచ్చడి_జాడీ
రవ్వ లడ్డు 🙈

స్పానర్_అన్న
గోంగూర తిన్నోడికి లడ్డు పెడితే ఎట్లక్కా. "బెస్ట్ ఫర్ వ్యూయర్" పెట్టేయండి, చూసేవాళ్లని బట్టి యూట్యూబే ఎంచుకుంటది. నేను బైక్ రిపేర్ వీడియోలన్నింటికీ అదే పెట్టిన, మళ్లీ ముట్టుకోలే. దాన్ని మించింది లేదు.

రాత్రి_ఎడిటర్
మీ వీడియోలకి అది పనికొస్తుంది. క్లచ్ వైరు చూసినవాడికి తర్వాత ఏది కావాలో మీరు చెప్పలేరు, వాడి బండి ఏదో మీకు తెలీదు. ఇక్కడ తర్వాతి ప్రశ్న ఏంటో తెలుస్తోంది. ఈ పచ్చడి ఎన్నాళ్లు ఉంటుందండీ?

పచ్చడి_జాడీ
ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు. నిల్వ గోంగూర వేరే. దానికి వీడియో ఉంది, 7 నిమిషాల 20 సెకన్లు.

రాత్రి_ఎడిటర్
అయితే అదొక్కటే పెట్టండి, సబ్‌స్క్రైబ్ ఉంటే ఉండనివ్వండి. పళ్లెంలో వడ్డించే లోపే, అంటే వంట ఇంకా నడుస్తుండగానే "ఇది నాలుగు రోజులే, ఏడాది ఉండాలంటే తడి విషయంలో వేరే పద్ధతి, అది ఈ పక్కన" అని చెప్పాలి. "ఇదండీ" కోసేయండి.

పచ్చడి_జాడీ
వీడియో పాతదైపోయింది, మళ్లీ షూట్ చేయాలా?

రాత్రి_ఎడిటర్
అక్కర్లేదు. స్టూడియో ఎడిటర్‌లో 8:05 నుంచి చివరి దాకా కత్తిరించండి, వ్యూస్, లింకు అలాగే ఉంటాయి. కొత్త మాట అందులో చేర్చలేరు, కాబట్టి ఈ వీడియోకి వడ్డించే సీను మీదే ఎండ్ స్క్రీన్ వచ్చేలా జరపండి. కత్తిరించాక టైమింగ్ ఒకసారి చూసుకోండి. చెప్పే మాట వచ్చే వీడియో నుంచి.

లెక్కల_సార్
సబ్‌స్క్రైబ్ ఉండనివ్వమంటున్నారు. నేను చెప్పిందానికి వ్యతిరేకంగా చెప్పాలనే కదా?

డల్లాస్_బావ
సార్, వదిలేయండి. ఇక్కడ ల్యాప్‌టాప్‌లో చూసేవాళ్లకి ఎండ్ స్క్రీన్ మొత్తం దాచేసే బటనే ఇచ్చారు, దాని గురించి ఎవరూ మాట్లాడరేం? నేనైతే చివర్లో ముఖం మీద డబ్బాలు వస్తే దాచేస్తున్నా.

పచ్చడి_జాడీ
కార్డుల సంగతి ఎవరూ చెప్పలేదు.

రాత్రి_ఎడిటర్
కార్డులో రెండు మెట్లుంటాయి. ముందు పైన మూలలో చిన్న పిలుపు కొన్ని సెకన్లు కనిపిస్తుంది, దాన్ని నొక్కితేనే కార్డు తెరుచుకుంటుంది. అందుకే క్లిక్కులు ఎప్పుడూ తక్కువే, వాటి మీద బెంగ వద్దు. గీత ఎక్కడ గబుక్కున పడుతోందో చూసి, దానికి రెండు మూడు సెకన్ల ముందు ఒక్క కార్డు పెట్టండి. ఎలాగూ వెళ్లిపోయేవాడు మన ఇంకో గదిలోకి వెళ్తాడు. గీత బాగున్నచోట పెడితే మనమే తలుపు తీసి పంపించినట్టు.

సార్ గారి త్రికోణమితి కార్డు మాత్రం తీయకుండా ఉండాల్సింది. పట్టిక రానివాడు ఆ వీడియోలో ఎలాగూ నిలబడడు.

లెక్కల_సార్
నా పిల్లల గురించి నాకు తెలుసు. పట్టిక వీడియో 4 నిమిషాలు, అసలు పాఠం 22 నిమిషాలు. 22 పోగొట్టుకుని 4 తెచ్చుకోమంటారా?

రాత్రి_ఎడిటర్
అటు వెళ్లినవాళ్లు పాఠంలో ఉంటే 22 నిమిషాలూ చూసేవాళ్లని ఎలా తెలుసు?

లెక్కల_సార్
వెళ్లకపోతే చూసేవాళ్లు కారని మీకెలా తెలుసు?

స్పానర్_అన్న
ఇద్దరికీ తెల్వదు. ఇగ భోజనం చేసి రండి.

*(ఐదు వారాల తర్వాత)*

పచ్చడి_జాడీ
చెప్పినట్టే చేశాను. 28 రోజులు, 9,600 వ్యూస్. తెర మొదలయ్యే చోట ఇప్పుడు 30%. నిల్వ గోంగూరకి 196 క్లిక్కులు, సబ్‌స్క్రైబ్ 29. రేటు 3.9 చూపిస్తోంది, డబ్బాలు తగ్గాయి కాబట్టి దాన్ని నమ్మట్లేదు 😄 తెర దాకా వచ్చిన దాదాపు 2,880 మందిలో 196 అంటే వందకి ఏడుగురు.

కానీ సంతోషం సగమే. నిల్వ గోంగూర వీడియో తెరిచి ట్రాఫిక్ సోర్స్‌లో `End screens` చూశాను. అక్కడి నుంచి వచ్చినవాళ్లు సగటున 1:10 చూసి వెళ్లిపోతున్నారు. సెర్చ్‌లో వచ్చినవాళ్లు 3:05 చూస్తున్నారు.

రాత్రి_ఎడిటర్
ఆ వీడియో మొదటి నిమిషంలో ఏముంది?

పచ్చడి_జాడీ
ఎర్ర కాడ గోంగూర ఎలా ఎంచుకోవాలి, ఆకు ఎలా తుంచాలి, ఎలా కడగాలి. 0:55 దాకా అదే. ఓ... ఇదంతా వీళ్లు ముందు వీడియోలో ఇప్పుడే చూసొచ్చారు కదా.

డల్లాస్_బావ
ఎండ్ స్క్రీన్ నొక్కితే 0:55 నుంచి మొదలయ్యేలా పెట్టొచ్చా?

రాత్రి_ఎడిటర్
ఆ సౌకర్యం లేదు. మొదటి నుంచే మొదలవుతుంది.

లెక్కల_సార్
అయితే ఆ 55 సెకన్లు కోసేయండి. ఇందులో ఆలోచించేదేముంది?

పచ్చడి_జాడీ
కోస్తే సెర్చ్‌లో వచ్చేవాళ్లకి ఆకు ఎంచుకోవడం ఎవరు చెబుతారు సార్? వాళ్లే ఎక్కువ మంది. పైగా తడి ఆకుతో పెడితే బూజు పట్టిందని నన్నే తిడతారు.

రాత్రి_ఎడిటర్
తుంచడం కోసి కడిగి ఆరబెట్టడం ఉంచితే 20 సెకన్లకి వస్తుందేమో. లేదంటే వీడియోని భాగాలుగా చూపే చాప్టర్లు పెట్టి చూడండి, తెలిసినవాళ్లు ఆ ముక్క దాటేస్తారు. ఏది పనిచేస్తుందో ముందే చెప్పలేను, ఒకటే మార్చి ఇంకో 28 రోజులు చూడాలి. రెండూ ఒకేసారి మార్చకండి.

పచ్చడి_జాడీ
ఈ వారం చాప్టర్లు పెడతాను. కోయడానికి ఇంకా మనసు రావట్లేదు.

స్పానర్_అన్న
నేనూ మీ ఎండ్ స్క్రీన్ నొక్కే పోయినక్కా. ఇంతకీ నిల్వ గోంగూరకి నూనె పచ్చిదా, కాచి చల్లార్చాలా?

పచ్చడి_జాడీ
3:10 దగ్గర చెప్పాను. అంటే మీరూ నిమిషం చూసి వచ్చేశారన్నమాట.