చర్చ: ధరల సూచీ బాండ్ ఎక్సెల్ షీటులో ఒక్క కూపన్ మాత్రం పడిపోతోంది, ఎందుకు?

తిరుపతి_ఎంకామ్: 2013లో కేంద్రం ఇచ్చి, 2023 జూన్‌లో తీరిపోయిన 1.44% సూచీ బాండ్ నమూనాలో ప్రాజెక్టు చేస్తున్నాం. ముఖవిలువ లక్ష, జారీ రోజు సూచీ 160. ఈ సూచీ అంకెలు మేం పెట్టుకున్నవే, అసలువి కావు. కూపన్ తేదీలు జూన్ 5, డిసెంబర్ 5. డిసెంబర్ కూపన్ 786 వచ్చింది, తర్వాతి జూన్‌ది 749.82 చూపిస్తోంది. ధరలేమో పెరిగాయి. ఎక్కడ పోయింది?

మదనపల్లె_మండీ: టమాటా రేటు పడుంటుంది తమ్ముడూ. మా మండీలో వారంలో సగానికి దిగిపోయే రోజులుంటాయి. సూచీ కూడా దాంతో పాటే దిగుతుంది కదా.

చిత్తూరు_ట్రెజరీ: మండీ అన్నా, ఆ బాండ్‌కి వాడేది దేశం మొత్తం టోకు ధరల సూచీ. అందులో టమాటా వంతు చాలా చిన్నది. పైగా నెలల కిందటి సూచీనే వాడతారు కాబట్టి ఈ వారం రేటు ఈ కూపన్‌లో కనబడదు. తమ్ముడూ, ఆ కూపన్‌కి ఏ రెండు నెలల సూచీలు తీసుకున్నారో పెట్టు.

తిరుపతి_ఎంకామ్: జూన్ 1కి 175.0, జూలై 1కి 112.2 సార్. రెండూ ప్రభుత్వ పట్టికలోంచే తీసుకున్నామని పెట్టుకున్నాం.

చిత్తూరు_ట్రెజరీ: దొరికింది. 175 పాత సిరీస్‌ది, ఆధార సంవత్సరం 2004-05. 112.2 కొత్త సిరీస్‌ది, 2011-12. 2017 మేలో ఆధారం మారింది. కొత్త అంకెని 1.561తో గుణిస్తేనే పాతదాని పక్కన పెట్టగలం: 112.2 × 1.561 = 175.14.

మీ షీటు ఏం చేసిందో చూడు. జూన్ 5 అంటే ఒకటో తేదీ నుంచి నాలుగు రోజులు, నెలకి 30. తేడాలో 4/30 వంతు కలపాలి.

```
175 + (4/30)*(112.2 - 175) = 166.627
166.627 / 160 = 1.04142
104142 * 1.44% / 2 = 749.82
```

నేరుగా 112.2ని 160తో భాగించి ఉంటే నిష్పత్తి 0.70 వచ్చేది, చూడగానే తప్పని తెలిసేది. ఇక్కడ రెండు సిరీస్‌ల మధ్య లెక్క కట్టడంతో 1.04 వచ్చింది. నమ్మేలా ఉంది, అదే ప్రమాదం. పట్టుకోవాలంటే రోజువారీ సూచీ వరుసగా వేసి చూడండి. నెలకి ఒకటిన్నర పాయింట్లు పెరిగితే రోజుకి 0.05 కదులుతుంది. మీది రోజుకి 2.09 చొప్పున పడుతోంది. ఏ నెలలోనూ అలా జరగదు.

తిరుపతి_ఎంకామ్: మార్చాను సార్. సూచీ 175.019, నిష్పత్తి 1.09387, అసలు 1,09,387, కూపన్ 787.59. సరిపోయిందా?

చిత్తూరు_ట్రెజరీ: సరిపోయింది.

శ్రీకాళహస్తి_ఆడిట్: ఇంకో మాట. ఎలాగూ అసలు లక్షకి తగ్గదని ప్రభుత్వం హామీ ఇచ్చింది కదా, కూపన్ కూడా 720 కంటే తగ్గకుండా షీటులో పెట్టేయండి. అప్పుడు ఇలాంటివి రావు.

చిత్తూరు_ట్రెజరీ: సగం నిజం సార్. హామీ గడువు తీరిన రోజు ఇచ్చే అసలుకి మాత్రమే, కూపన్‌కి లేదు. నిష్పత్తి 0.98కి దిగితే కూపన్ 98,000 మీద, అంటే 705.60. గడువు రోజున మాత్రం లక్ష ఇస్తారు. 2015లో టోకు ధరలు ఏడాదికేడాది తగ్గాయి కాబట్టి ఇది ఊరికే అనుకున్న మాట కాదు.

షీటులో కూపన్‌కి MAX పెడితే తప్పులు దాగిపోతాయి. సిరీస్ కలపడం మరిచి నిష్పత్తి 0.70 వచ్చినా కూపన్ గడిలో 720, రిడెంప్షన్ గడిలో లక్ష కనబడతాయి, అంతా బాగుందనుకుంటాం. MAX ఒక్క చివరి గడిలోనే ఉండాలి, దాని పక్కన MAX లేని నిష్పత్తి కూడా కనబడాలి. C2లో గడువు రోజు సూచీ ఉందనుకుంటే చివరి గడి ఇలా:

```
=MAX(100000, 100000*C2/160)
```

తిరుచానూరు_పెన్షనర్: నాయనా, నేను 2013 డిసెంబర్‌లో కట్టినదానికి ఆరునెలలకోసారి ఒక్క రూపాయీ రాలేదు. మీ లెక్క ప్రకారం రావాలి కదా?

చిత్తూరు_ట్రెజరీ: పెద్దాయనా, మీది వేరే పథకం అయ్యుంటుంది. అప్పట్లో మదుపరుల కోసం ఇచ్చిన క్యుములేటివ్ పత్రం వినియోగదారుల సూచీది, 1.5 శాతానికి ద్రవ్యోల్బణం కలిపి ఆరునెలలకోసారి అసల్లోనే జమ చేసి, చివర్లో ఒకేసారి ఇచ్చేది. మధ్యలో ఏమీ రాకపోవడం దాని పద్ధతే.

శ్రీకాళహస్తి_ఆడిట్: కూపన్ సంగతి ఒప్పుకుంటాను. కానీ నిష్పత్తిని ఎన్ని దశాంశాలకి గుండ్రం చేయాలి? అమెరికా బాండ్లలో ఆరు దశాంశాల దగ్గర కత్తిరించి ఐదుకి గుండ్రం చేస్తారు. ఎంకామ్ తమ్ముడు ఐదుకే చేశాడు. కోటి మీద అయితే ఆఖరి దశాంశం వంద రూపాయలు.

చిత్తూరు_ట్రెజరీ: జారీ నోటిఫికేషన్‌లో ఏముంటే అదే సార్. ప్రాజెక్టులో ఏ పద్ధతి వాడారో షీటు పైన రాసిపెడితే చాలనుకుంటాను. గైడు ఒప్పుకుంటారా లేదా తమ్ముడే చెప్పాలి.