ఫీల్డ్‌వర్క్ గ్రాంట్ అప్లికేషన్, ఏకగ్రీవం ఊరి గురించి ఎలా రాయాలి?

అన్నలూ అక్కలూ, నేను అనంతపురంలో పొలిటికల్ సోషియాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నా. 2021 పంచాయతీ ఎన్నికల్లో సర్పంచ్ ఏకగ్రీవమైన ఊరొకటి, పోటీ జరిగిన ఊరొకటి, రెండూ కళ్యాణదుర్గం దగ్గరే, ఏకగ్రీవం ఎవరు కుదిర్చినారు, ఎవర్ని తప్పుకోమన్నారు అనేది నా ప్రశ్న. చిన్న ఫండ్ ఒకటుంది, 25 వేలు, 500 పదాల్లో రాయాల. మొదటి డ్రాఫ్ట్‌లో 300 పదాలు పాత పరిశోధనలకే పోయినాయి, గైడ్ చూసి "ఆ డబ్బుతో ఏం చేస్తావో ఇందులో లేదు కదమ్మా" అన్నారు, నిజమే. ఇప్పుడు 20 ఇంటర్వ్యూలు, బస్సు ఛార్జీలు, రూము అని విడగొట్టి రాసినా, గంట రికార్డింగ్ టైప్ చేయడానికి నాకు ఐదారు గంటలు పడుతోంది కాబట్టి దానికీ కొంత పెట్టినా.

అసలు చిక్కు ఎథిక్స్ పేరా. పేర్లు మారుస్తాను అంటే చాలదు, ఊరికి సర్పంచ్ ఒక్కరే, మండలం పేరు చెప్తే చాలు ఎవరో తెలిసిపోతుంది, నామినేషన్ వెనక్కి తీసుకున్న ఆయమ్మ నాతో వాకిట్లో మాట్లాడలేదు, దొడ్లోకి తీసుకుపోయి చెప్పింది. మండలం పేరు తీసేసి "జిల్లాలో పడమటి వైపు" అని రాస్తే రెండూళ్ళనే ఎందుకు ఎంచుకున్నానో కమిటీకి అర్థమవుతుందా? ఇట్లాంటివి రాసినోళ్ళు ఎవరైనా ఆ రెండు మూడు వాక్యాలు ఎట్లా పెట్టినారో చెప్పండి, ప్లీజ్.